రెండుసార్లు వచ్చిన ఒంటిగంట

అమెరికా వచ్చి పన్నెండేళ్ళయింది. అందులో ఐదేళ్ళు నేను ఇండియా టైంలోనే బతికాను.

మేముండేది టెక్సస్‌లో, డాలస్ పక్కన ఇర్వింగ్‌లో. మా కంపెనీ గోడౌన్లలో సరుకు లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ అమ్ముతుంది. నాకు అప్పగించిన క్లయింటు ఇండియాలో మందులు పంపిణీ చేసే సంస్థ. వాళ్ళు పొద్దున తొమ్మిదిన్నరకి గోడౌన్ తలుపులు తెరిచేసరికి ఇక్కడ నేను కంప్యూటర్ ముందు ఉండాలి. వేసవిలో అది రాత్రి పదకొండు, చలికాలంలో రాత్రి పది. వాళ్ళు సాయంత్రం ఆరున్నరకి ఇంటికి పోతే, ఇక్కడ స్కూలు బస్సులు తిరిగే వేళకి నేను దుప్పటి కప్పుకునేవాణ్ణి. పడగ్గది కిటికీకి నల్లటి పరదాలు. నాకు తెల్లవారేది సాయంత్రం నాలుగింటికి. ఇడ్లీ తినేది రాత్రి తొమ్మిదింటికి. దీపావళి సెలవూ సంక్రాంతి సెలవూ క్లయింటు క్యాలెండర్ ప్రకారమే. నా చేతి గడియారం, బల్ల మీది గడియారం, కంప్యూటర్ తెర మీద మూలనున్న గడియారం అన్నీ ఇండియా టైమే చూపించేవి. ఇర్వింగ్ టైం కావాలంటే ఫోను తీసి చూసుకోవాలి.

2023 సెప్టెంబరులో మా అత్తయ్యగారు తుని నుంచి వచ్చారు. మా ఆవిడకి అప్పుడు ఏడో నెల. అత్తయ్యగారి చేతికి ఒక పాత హెచ్ఎంటీ గడియారం, రోజూ తాళం తిప్పేది. అది మామగారిది. ఆయన స్కూల్లో సోషల్ చెప్పేవారు. "దేశానికంతా టైం చెప్పే ఎనభై రెండున్నర డిగ్రీల రేఖ మన తుని పక్కనుంచే పోతుందర్రా" అని ప్రతి ఏడూ పిల్లలకి చెప్పేవారట. అత్తయ్యగారు విమానం దిగాక కూడా ఆ గడియారం ముల్లు కదపలేదు. మా ఆవిడ మారుస్తానంటే, "ఉండనీయమ్మా, ఆయన పెట్టిన టైం" అన్నారు.

అలా మా ఇంట్లో ఇండియా టైంలో నడిచేవాళ్ళం ఇద్దరమయ్యాం. ఆవిడకి రాత్రిపూట నిద్ర పట్టేది కాదు. రెండింటికి లేచి వంటింట్లో టీ పెట్టి, ఒక గ్లాసు నా బల్ల మీద పెట్టేవారు. నేను చెవులకున్న హెడ్‌ఫోన్స్ ఒకపక్క తొలగించి, "థాంక్సండీ అత్తయ్యగారూ" అనేవాణ్ణి. "పని చూసుకోండి బాబూ" అని వెళ్ళి సోఫాలో కూర్చుని, చిన్న నోటుపుస్తకంలో ఆ రోజు లెక్కలు రాసుకునేవారు. పాలు ఎంత, కూరలు ఎంత, మా ఆవిడ మాత్రలు ఎప్పుడు వేసుకుంది, కడుపులో బిడ్డ ఎప్పుడు కదిలింది, అన్నీ. ప్రతి వరుసకీ ముందు టైం ఉండేది. అది మామగారు నేర్పిన అలవాటట.

ఇక్కడ అమెరికా గడియారం గురించి కొంచెం చెప్పాలి. మన దేశంలో ఏడాది పొడుగునా ఒకటే టైం. ఇక్కడ అలా కాదు. మార్చిలో రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకి జరుపుతారు, నవంబరులో మొదటి ఆదివారం గంట వెనక్కి లాగుతారు. 2007 నుంచి ఈ తేదీలే అమలులో ఉన్నాయి. అరిజోనాలో చాలా భాగం, హవాయి మాత్రం ఈ గొడవ పెట్టుకోలేదు. మార్చిలో ఆ రాత్రి ఒంటిగంటా యాభై తొమ్మిది దాటగానే మూడవుతుంది. రెండింటికీ మూడింటికీ మధ్య గంట ఉండనే ఉండదు. నవంబరులో దీనికి ఎదురు. ఒంటిగంటా యాభై తొమ్మిది దాటగానే మళ్ళీ ఒంటిగంట. అంటే ఆ రాత్రి ఒంటిగంట నుంచి రెండు వరకు ఉన్న గంట రెండుసార్లు వస్తుంది. ఎవరైనా "ఆ రాత్రి ఒంటిగంటా పావుకి" అంటే ఏ పావో చెప్పాలి. మొదటిదా, రెండోదా?

నిద్రపోయేవాళ్ళకి దీనితో ఇబ్బంది లేదు, ఒక గంట నిద్ర ఎక్కువ వస్తుంది. ఇబ్బందంతా ఆ గంటలో పనిచేసే మనుషులకీ, యంత్రాలకీ. మా క్లయింటు సర్వరు డాలస్‌లో ఉండేది, డాలస్ టైంలో నడిచేది. అందులో ఒక పని రోజూ రాత్రి ఒంటిగంటా పావుకి మొదలవుతుంది. ఏ ఊరి శాఖకి ఏ మందు ఎన్ని పెట్టెలు పంపాలో లెక్కగట్టి, సరుకు ఎత్తే జాబితా తయారుచేస్తుంది. ఆ పనిని లేపే షెడ్యూలర్ చాలా పాతది. గోడ గడియారంలో ఒంటిగంటా పావైందా లేదా అన్నది తప్ప దానికి ఇంకేమీ తెలియదు. 2022 నవంబరులో ఒంటిగంటా పావు రెండుసార్లు వచ్చింది, అది రెండుసార్లూ లేచింది. ఒకే జాబితా రెండు నంబర్లతో బయటికొచ్చింది. సోమవారం పొద్దున గోడౌన్లో కుర్రాళ్ళు రెండు జాబితాలకీ సరుకు ఎత్తారు. కొన్ని ఊళ్ళకి మందులు రెండింతలు పోయాయి, కొన్ని ఊళ్ళకి అసలు మిగల్లేదు. అది సర్దడానికి వారం పట్టింది.

తర్వాతి ఏడు అలా జరగకూడదని నేనే మందు కనిపెట్టాను. గోడ గడియారాన్ని నమ్మడం మానేసి, ఏ దేశంలోనూ ముందుకీ వెనక్కీ జరగని యూటీసీ టైంకి ఆ పనిని కట్టేశాను. యూటీసీలో ప్రతి నిమిషం ఒక్కసారే వస్తుంది. ఇండియా టైం కూడా అంతే, యూటీసీకి ఎప్పుడూ ఐదున్నర గంటలు ముందు. క్లయింటు వాళ్ళకి అర్థమయ్యేలా ఒక పట్టిక రాసి పంపాను.

```
01:15 CDT = 06:15 UTC = 11:45 IST   జాబితా తయారవ్వాలి
01:15 CST = 07:15 UTC = 12:45 IST   ఏమీ జరగకూడదు
```

మొదటి వరుస వేసవి టైంలో చివరి ఒంటిగంటా పావు. రెండోది చలికాలపు టైంలో మొదటి ఒంటిగంటా పావు. ఇర్వింగ్‌లో రెండూ ఒకలాగే కనిపిస్తాయి, ఇండియాలో వాటి మధ్య గంట తేడా. "ఆ రాత్రి ఎవరూ అమెరికా టైం చూడొద్దు, ఇండియా టైం ఒక్కటే చూడండి" అని పట్టిక కింద పెద్ద అక్షరాలతో రాశాను.

ఆ రాత్రి 2023 నవంబరు 5, ఆదివారం. మా ఆవిడకి డాక్టరు చెప్పిన తేదీ ఇంకా రెండు వారాలుంది. శనివారం రాత్రి ఎనిమిదింటికి నొప్పులు మొదలయ్యాయి.

తొమ్మిదిన్నరకి ఆసుపత్రిలో చేర్చాం. అత్తయ్యగారు గదిలో కూతురి చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. నేను లాప్‌టాప్ సంచి కూడా తెచ్చుకున్నాను. పని ఇంకొకరికి అప్పగించవచ్చు. మేనేజరుని అడిగితే కాదనేవాడు కాదు. కానీ ఆ మార్పు రాసింది నేను, కిందటేడు జరిగింది మళ్ళీ జరిగితే జవాబు చెప్పాల్సింది నేను. అడగలేదు. పన్నెండూ ముప్పావుకి నర్సు చూసి, "ఇంకా రెండు మూడు గంటలు పడుతుంది" అంది. "అయితే నేను వరండాలో ఉంటాను, ఏ మాత్రం అవసరమైనా పిలవండి" అని చెప్పి ఒంటిగంటకి బయటికొచ్చాను.

ప్రసూతి గదుల వరసకి చివర అద్దాల తలుపు ఉంది. తలుపు అవతల ఒక కుర్చీ, పక్కన ప్లగ్గు. అక్కడ కూర్చుని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కాల్లో చేరాను. అవతల పదిమంది దాకా ఉన్నారు. ఆ మధ్యాహ్నం రెండింటికి కోల్‌కతాలో దక్షిణాఫ్రికాతో ప్రపంచకప్ మ్యాచ్. ఆ రోజు కోహ్లీ పుట్టినరోజు కూడా. "ఒంటిగంట కల్లా వదిలేయండి సార్" అని అందరూ అడుగుతున్నారు. వాళ్ళ ఒంటిగంట అది.

11:45కి జాబితా తయారైంది. పెట్టెల లెక్క పాత లెక్కతో సరిచూడాలి. ఊరూరి లెక్కా చదువుతుంటే ఒకరు గోడౌన్లో, ఒకరు హెడ్డాఫీసులో టిక్కు పెడుతున్నారు. అప్పుడొకసారి అద్దం అవతల అత్తయ్యగారు కనిపించారు. చెయ్యి ఊపారు. రెండు వేళ్ళు చూపించాను, రెండు నిమిషాలని. ఆవిడ తలూపి లోపలికి వెళ్ళారు. నొప్పులు ఎక్కువయ్యాయేమో, ధైర్యానికి పిలుస్తున్నారేమో అనుకున్నాను. లెక్క సరిపోయేసరికి పన్నెండున్నర దగ్గరపడింది. ఆ తర్వాత మాకు చెయ్యడానికి పనేమీ లేదు. 12:45కి ఏమీ జరగకుండా ఉందని చూడటమే పని. పదిమందిమీ తెర వంక చూస్తూ కూర్చున్నాం. 12:45 అయింది. 12:46. 12:50. ఏమీ జరగలేదు. అవతల చప్పట్లు కొట్టారు. "శభాష్ సార్, మ్యాచ్ చూసుకుంటాం" అని కాల్ పెట్టేశారు.

లాప్‌టాప్ మూసి గదిలోకి పరిగెత్తాను. పాప పుట్టింది. గుడ్డలో చుట్టి, తలకి టోపీ పెట్టి తల్లి పక్కన పడుకోబెట్టారు, నిద్రపోతోంది. మా ఆవిడ కళ్ళు తెరిచి "వచ్చారా" అంది. ఒక్క మాటే. అలసటనుకున్నాను. గోడ మీది తెల్లబోర్డులో నర్సు రాసింది: ఆడపిల్ల, 1:20. జేబులోంచి ఫోను తీసి చూశాను, 1:25.

ఐదు నిమిషాలు. ఐదే ఐదు నిమిషాల్లో నా కూతుర్ని ఎత్తుకున్నాను. కాల్ సరిగ్గా ముగియడం, పాప అప్పుడే పుట్టడం, దేవుడు నాకోసం లెక్కగట్టి పెట్టినట్టు అనిపించింది. తెల్లారేలోగా మా నాన్నకీ అమ్మకీ ఫోన్లో ఆ మాటే చెప్పాను. తర్వాత చూడవచ్చిన స్నేహితులకీ చెప్పాను. ఆ మాట చెప్పినప్పుడల్లా మా ఆవిడ తల వంచుకుని పాప దుప్పటి సర్దేది. అత్తయ్యగారు పళ్ళెంలో కాఫీ గ్లాసులు పెట్టేవారు.

ఇరవై ఒకటో రోజు శనివారం పడింది. ఇంట్లోనే బారసాల చేసుకున్నాం. ఆ రాత్రి తునిలో ఉన్న పంతులుగారితో వీడియో కాల్. ఆయనకి అప్పుడు ఆదివారం పొద్దున. పాప జాతకం రాయడానికి ఊరూ, తేదీ, టైం అడిగారు.

"రాత్రి ఒంటిగంటా ఇరవై" అని, నాకు తెలిసిన విద్య కదా, ఆ రాత్రి ఒంటిగంటా ఇరవై రెండుసార్లు వచ్చిన సంగతి కూడా వివరించాను. ఆయన పెద్దవారు, ఓపికగా విన్నారు. కాగితం మీద లెక్క చూసుకుని, "అయితే బాబూ, ఇది తేల్చుకోవాలి. నక్షత్రం ఎలాగైనా ఒకటే. లగ్నం మారిపోతోంది. మొదటి ఒంటిగంటా ఇరవై అయితే కర్కాటక లగ్నం, రెండోదైతే సింహ లగ్నం. పిల్ల జీవితమంతా చూసుకునే జాతకం. ఏదో ఒకటి రాసేయడానికి లేదు" అన్నారు.

"రెండోదేనండీ" అన్నాను. "పుట్టిన ఐదు నిమిషాలకి నేను లోపలికెళ్ళాను. అప్పుడు రెండో ఒంటిగంట నడుస్తోంది."

అయినా ఆయన తృప్తిపడలేదు. ఆసుపత్రి కాగితం చూడమన్నారు. చూస్తే అందులోనూ 1:20 అనే ఉంది. వేసవి టైమో చలికాలపు టైమో లేదు. నవంబరులో ఆ రాత్రి కంప్యూటర్ రికార్డులు తికమక పడతాయని అమెరికాలో కొన్ని ఆసుపత్రులు ఆ సమయానికి కంప్యూటర్ ఆపి కాగితం మీద రాస్తాయి. మా ఆసుపత్రిలోనూ ఆ రాత్రి ఒంటిగంట నుంచి అంతా చేతిరాతే. రాసిన నర్సు గోడ గడియారం చూసి రాసింది.

మా ఆవిడని అడిగాను. "నాకు గడియారం చూసే ఓపికెక్కడిదండీ" అంది, పాప ముఖంలోంచి చూపు తిప్పకుండా.

అత్తయ్యగారు ఫోను దగ్గరికొచ్చి, "పంతులుగారూ, రేపు కనుక్కుని చెబుతామండీ" అని నమస్కారం పెట్టారు.

ఆదివారం రాత్రి పదింటికి మళ్ళీ షిఫ్టు మొదలైంది. రెండింటికి అత్తయ్యగారు ఎప్పటిలాగే టీ తెచ్చారు. గ్లాసు పెట్టి వెళ్ళిపోలేదు. చేతిలో నోటుపుస్తకం ఉంది. నేను హెడ్‌ఫోన్స్ ఒకపక్క తొలగించాను. ఆవిడ నిలబడే ఉన్నారు. రెండోపక్కా తొలగించాను.

"బాబూ, ఆ రాత్రి నా చేతికి మీ మామగారి గడియారమే ఉంది" అని పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టారు.

పెన్సిలు రాత. ప్రతి వరుసకీ ముందు ఇండియా టైం.

11.50 – పాప పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం.

11.52 – అల్లుడుగారిని పిలిచాను. రెండు వేళ్ళు చూపించారు.

12.10 – మళ్ళీ వెళ్ళాను. తల ఎత్తలేదు.

12.30 – పాప ఏడుస్తోంది. వినిపిస్తుందని అద్దం తలుపు తెరిచి పట్టుకు నించున్నాను. చెవులకి అవి ఉన్నాయి.

12.55 – వచ్చారు.

నేను క్లయింటుకి పంపిన పట్టిక గుర్తొచ్చింది. 11:45కీ 12:45కీ మధ్య ఉన్న గంటే ఇది. నేను అద్దం అవతల, ఏమీ జరగకూడదని ఎదురుచూస్తూ కూర్చున్న గంట. ఐదు నిమిషాలు కాదు, గంటా ఐదు నిమిషాలు. మందుల పెట్టెల కోసం గోడ గడియారాన్ని నమ్మడం మానేసినవాణ్ణి, నా కూతురి విషయంలో దాన్నే నమ్మాను. అప్పటికి నా ఎడమ చేతికి ఇండియా టైం ఉంది. ఆ గది గుమ్మంలో ఒక్కసారి దానివంక చూసి, ఎన్నింటికి పుట్టిందని అత్తయ్యగారిని అడిగి ఉంటే చాలు.

నోట మాట రాలేదు. చాలాసేపటికి, "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదండీ?" అన్నాను.

"మీరు ఆ ఐదు నిమిషాల మాట అంత సంతోషంగా చెప్పుకుంటుంటే ఎలా చెప్పను బాబూ" అన్నారు. "అమ్మాయి కూడా చెప్పొద్దంది. జాతకం లేకపోతే ఇప్పుడూ చెప్పేదాన్ని కాదు."

టీ చల్లారిపోయింది. ఆవిడ గ్లాసు తీసుకుని వంటింటి వైపు రెండడుగులు వేసి ఆగారు.

"పంతులుగారికి పై వరుస ఒక్కటీ పంపండి. కింది వరుసలు ఇంట్లో మాట."

పై వరుస ఆ రాత్రే పంపాను. మా అమ్మాయిది కర్కాటక లగ్నం. కింది నాలుగు వరుసలూ, నాలాగే ఇంకో దేశపు గడియారానికి బతుకుతున్నవాళ్ళు చదువుతారని, ఇన్నాళ్ళకి ఇక్కడ రాశాను.